ఆడకుక్కకు ఆపరేషన్ ఎప్పుడు, మగకుక్కకు ఎప్పుడు: రొమ్ము గడ్డలూ ప్రోస్టేట్ సమస్యలూ చూసి తేల్చుకోవడం

కొర్లగుంట నుంచి ఒక టీచరమ్మ తన తొమ్మిదేళ్ల స్పిట్జ్‌ను ఒళ్లో పెట్టుకుని మా క్లినిక్‌కు వచ్చారు. పేరు చిట్టి, బరువు 9 కిలోలు. వెనక కాళ్ల మధ్య, కుడివైపు చివరి చన్ను దగ్గర నిమ్మకాయంత గడ్డ. దాని మీద పసుపు రాసిన మరక ఇంకా ఉంది. "మేడమ్, రెండు నెలల కింద శనగ్గింజంత ఉన్నింది. పాలగడ్డేమో, అదే కరిగిపోతుందిలే అనుకున్నాం. పిల్లలు పెట్టి నాలుగేండ్లయింది, ఇప్పుడు పాలగడ్డ ఎట్ల వస్తాది?" అన్నారు. ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. అది పాలగడ్డ కాదు.

చిట్టితో పాటు అదే ఈతలో పుట్టిన ఇంకో ఆడపిల్లను ఆమె చెల్లెలు పెంచుకుంటున్నారు. దానికి ఏడో నెలలో, ఇంకా ఒక్కసారి కూడా హీట్‌కు రాకముందే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. అదీ తొమ్మిదేళ్లదే. ఇప్పటిదాకా దానికి ఒక్క గడ్డ కూడా లేదు. రెండు కుక్కలను పక్కపక్కన పెట్టి ఏదీ రుజువు చేయలేమని నాకు తెలుసు. కానీ ఈ ఇద్దరు అక్కచెల్లెళ్ల మధ్య ఉన్న తేడా, పెద్ద లెక్కల్లో కనిపించే తేడా ఒకటే. అందుకే వాటి కథతో మొదలుపెట్టాను.

తిరుపతిలో కుక్కలు పెంచేవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న, "ఆపరేషన్ చేయించాలా వద్దా?" నా అనుభవంలో ఆ ప్రశ్నను రెండుగా విడగొట్టాలి. ఆడకుక్క విషయంలో "ఎప్పుడు" అన్నదే అసలు సంగతి. ఆలస్యమయ్యే కొద్దీ దొరికే రక్షణ తగ్గిపోతుంది, పోయింది మళ్లీ రాదు. మగకుక్క విషయంలో ఆ తొందర లేదు. ప్రోస్టేట్ వాచాక చేసినా ఆపరేషన్ పనిచేస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది మగపిల్లకు ఆరో నెలలోనే చేయించాలని ఆరాటపడతారు, ఆడపిల్లకు మాత్రం "ఒక కాన్పు అయ్యాక చూద్దాం" అంటారు. సరిగ్గా తిరగేసి చేస్తున్నారన్నమాట.

ఆడకుక్క: ప్రతి హీట్ తర్వాత ఏం జరుగుతుంది

చిన్న జాతి కుక్కలు సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలల వయసులో మొదటిసారి హీట్‌కు వస్తాయి. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్దవి ఏడాది దాటాక కూడా రావచ్చు. తర్వాత దాదాపు ఆరేడు నెలలకోసారి. ఇక్కడ కుక్క శరీరానికి ఒక ప్రత్యేకత ఉంది. హీట్ అయిపోయాక, మగకుక్కతో కలిసినా కలవకపోయినా, కడుపు వచ్చినా రాకపోయినా, దాని ఒంట్లో ప్రొజెస్టెరాన్ హార్మోన్ దాదాపు రెండు నెలలు ఎక్కువగానే ఉంటుంది. అంటే ప్రతి హీట్ తర్వాత ఆ ఒళ్లు రెండు నెలల పాటు చూలు కుక్కలాగే నడుచుకుంటుంది. పాలగ్రంథుల్లో కణాలు విడిపోయి పెరుగుతాయి, ఆ తర్వాత తగ్గిపోతాయి. మళ్లీ ఆరు నెలలకు అదే. ఇలా పదే పదే పెరిగి తగ్గే చోట ఏదో ఒక రోజు ఒక కణం దారి తప్పుతుంది. ఆ దారి తప్పడానికి పునాది పడేది ముఖ్యంగా మొదటి రెండు మూడు హీట్లలోనే. పెద్దయ్యాక ఆపరేషన్ చేసినా గడ్డల ముప్పు పెద్దగా తగ్గకపోవడానికి కారణం ఇదే.

"ఒక్కసారి పిల్లలు పెడితే ఒళ్లు శుభ్రపడుతుంది" అనే మాట మన దగ్గర చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అలా ఏమీ జరగదు. ఒక కాన్పు అయితే రొమ్ము గడ్డలు రావు అనడానికి ఆధారం లేదు. ఆ కాన్పు కోసం ఆగే ఏడాదీ రెండేళ్లలో మాత్రం రెండు మూడు హీట్లు గడిచిపోతాయి.

ఆ మూడు అంకెలను ఎలా చదవాలి

ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా మూడు అంకెలు కనిపిస్తాయి: మొదటి హీట్‌కు ముందు ఆపరేషన్ చేస్తే 0.5 శాతం, మొదటి హీట్ తర్వాత అయితే 8 శాతం, రెండో హీట్ తర్వాత అయితే 26 శాతం. ఇవి 1969లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలోవి. వీటిని చాలామంది తప్పుగా చదువుతారు. "రెండో హీట్ తర్వాత చేయిస్తే నూటికి 26 కుక్కలకు గడ్డలు వస్తాయి" అని కాదు వీటి అర్థం. ఆపరేషన్ అసలే చేయించని కుక్కకు ఉన్న ముప్పును 100 అనుకుంటే, అందులో మిగిలేది ఎంత అన్నదే ఈ అంకె.

లెక్క వేసి చూద్దాం. స్వీడన్‌లో చాలాకాలం పెంపుడు కుక్కలకు మామూలుగా ఈ ఆపరేషన్ చేసేవాళ్లు కాదు. అక్కడి ఇన్సూరెన్స్ రికార్డుల ప్రకారం పదేళ్ల వయసు వచ్చేసరికి ఆడకుక్కల్లో దాదాపు 13 శాతానికి రొమ్ము గడ్డలు బయటపడ్డాయి. అంటే ఆపరేషన్ లేని 1,000 కుక్కల్లో సుమారు 130. అదే వెయ్యి కుక్కలకు మొదటి హీట్‌కు ముందే చేసి ఉంటే, ఆ 130 కాస్తా ఒక్కటి కన్నా తక్కువకు దిగుతుంది. మొదటి హీట్ అయ్యాక, రెండోది రాకముందు చేస్తే సుమారు 10. రెండో హీట్ కూడా దాటాక చేస్తే సుమారు 34. రెండున్నరేళ్లు దాటాక చేస్తే గడ్డల విషయంలో చెప్పుకోదగ్గ రక్షణ ఉండదని అదే అధ్యయనం చెప్పింది.

ఈ అంకెలు పాతవి, అధ్యయనంలో చూసిన కుక్కలు తక్కువ. 2012లో బ్రిటన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చినవన్నీ తిరగేసి, ఆధారం అనుకున్నంత గట్టిది కాదన్నారు. కాబట్టి 0.5కూ 8కీ మధ్య తేడాను తులాభారం వేసినట్టు చూడొద్దు. తొందరగా చేస్తే గడ్డలు తక్కువ అన్న దిశను మాత్రం నేను నమ్ముతాను. నా బల్ల మీదికి రొమ్ము గడ్డలతో వచ్చేవి చాలావరకు ఆపరేషన్ జరగనివే, లేదా ఐదారేళ్లకు జరిగినవే.

గడ్డల పక్కన ఇంకొకటి కూడా తూకంలో వేయాలి, అది గర్భసంచిలో చీము పట్టడం. స్వీడన్ లెక్కల్లోనే పదేళ్ల లోపు ఆపరేషన్ లేని కుక్కల్లో దాదాపు నాలుగింట ఒక దానికి ఇది వచ్చింది. హీట్ అయిన నెలా రెండు నెలలకు కుక్క డల్‌గా ఉండి, నీళ్లు బాగా తాగుతూ, తిండి మానేస్తే దీన్నే ముందు అనుమానించాలి. కింద చీములాంటిది కారొచ్చు, ఒక్కోసారి ఏమీ కారకుండా లోపలే నిండిపోవచ్చు. అలా నిండిపోయేది ఇంకా ప్రమాదం. ఏ వయసులో చేసినా ఆపరేషన్ ఈ జబ్బును ఆపేస్తుంది. అందుకే ఐదేళ్ల ఆడకుక్కకు కూడా నేను ఆపరేషన్ వద్దనను. రొమ్ము గడ్డల కోసం కాదు, గర్భసంచి కోసం.

ఏ ఆడకుక్కకు ఎప్పుడు

స్పిట్జ్, పగ్, మన ఊరి కుక్క, మిక్స్‌డ్ కుక్క, ఇలా పెద్దయ్యాక 20 కిలోల లోపు ఉండేవాటికి నా సలహాలో తటపటాయింపు లేదు. ఐదారు నెలల వయసులో, టీకాలు పూర్తయ్యాక, మొదటి హీట్ రాకముందే చేయించండి. ఈ బరువులో తొందరగా చేసినందువల్ల కీళ్లకు వచ్చే నష్టం పెద్దగా కనబడలేదు. వీధిలో తిండి పెట్టి సాకే ఆడకుక్కలకు కూడా ఇదే మాట, ఇంకా గట్టిగా. వాటికి గడ్డ వచ్చినప్పుడు పట్టుకుని చూసేవాళ్లు ఉండరు.

పెద్ద జాతుల దగ్గరే నిజంగా ఆలోచించాలి. ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ లాంటి వాటికి ఎముకలు పూర్తిగా పెరగకముందే హార్మోన్లు తీసేస్తే, తర్వాత తుంటి కీలు, మోకాలి లిగమెంట్ సమస్యలు పెరుగుతున్నాయని కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013 నుంచి వరసగా చూపించారు. ఏడాది లోపు చేసినవాటిలో ఇది ఎక్కువ. ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో కొన్నింటికి ఏళ్ల తర్వాత నిద్రలో మూత్రం కారడం కూడా ఉంటుంది, అదీ పెద్ద కుక్కల్లోనే ఎక్కువ. మందులతో చాలావరకు అదుపులో ఉంటుంది, కానీ ఇంట్లో పరుపు మీద పడుకునే కుక్క అయితే ముందే తెలిసి ఉండటం మంచిది.

అందుకే ల్యాబ్రడార్ ఆడపిల్ల ఉన్నవాళ్లకు నేను చెప్పే మధ్యేమార్గం ఇది. మొదటి హీట్ రానివ్వండి. అది అయ్యాక మూడు నెలలు ఆగండి. రెండోది రాకముందే చేయించండి. అప్పటికి దాని వయసు 13 నుంచి 16 నెలల మధ్య ఉంటుంది, ఎముకలు చాలావరకు స్థిరపడతాయి. రొమ్ము గడ్డల రక్షణలో కొంత వదులుకుంటారు, కానీ ఎక్కువ భాగం చేతిలోనే ఉంటుంది. పై లెక్కలో 130కి బదులు 10 దగ్గర ఆగుతారు. మూడు నెలలు ఎందుకంటే, హీట్‌లో ఉన్నప్పుడు గర్భసంచి రక్తనాళాలు లావెక్కి రక్తస్రావం ఎక్కువవుతుంది. హీట్ తర్వాతి రెండు నెలలూ ప్రొజెస్టెరాన్ ప్రభావంలో ఉంటుంది, అప్పుడు అండాశయాలు తీసేస్తే ఒక్కసారిగా హార్మోన్ పడిపోయి కుక్కకు పాలు రావొచ్చు.

గోల్డెన్ రిట్రీవర్ ఆడకుక్కల లెక్క వేరు. డేవిస్ అధ్యయనాల్లో వీటికి ఏ వయసులో ఆపరేషన్ చేసినా కొన్ని ఇతర క్యాన్సర్లు పెరిగినట్టు కనిపించింది. కాబట్టి ఆ ఒక్క జాతి విషయంలో, నెలనెలా గడ్డల కోసం తడిమి చూసే ఓపిక, హీట్ సమయంలో ఇంట్లో కట్టడి చేసే వీలు ఉన్నవాళ్లు చేయించకపోయినా నేను తప్పు పట్టను. వాళ్లు గర్భసంచి చీము లక్షణాలు మాత్రం గోడ మీద రాసిపెట్టుకోవాలి.

ఒక్కటి మాత్రం ఏ కుక్కకూ వద్దు. హీట్ రాకుండా ఆపే ఇంజెక్షన్. ఆపరేషన్ అంటే భయపడి కొందరు ఏడాదికి రెండుసార్లు అది వేయిస్తారు. అందులో ఉండేది ప్రొజెస్టెరాన్ లాంటి మందే. మనం దేని నుంచి కుక్కను కాపాడాలనుకుంటున్నామో, దాన్నే సూదితో ఎక్కించినట్టు. రొమ్ము గడ్డలూ గర్భసంచి చీమూ రెండూ పెరుగుతాయి. చిట్టికి ఐదో ఏటా ఆరో ఏటా అది రెండుసార్లు పడింది.

గడ్డ కనబడితే

ఆడకుక్కకు రెండు వరసల్లో సాధారణంగా పది చన్నులుంటాయి. నెలకోసారి, స్నానం చేయించే రోజు, దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కొక్క చన్ను చుట్టూ చర్మాన్ని బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య పట్టుకుని నెమ్మదిగా నలిపి చూడాలి. పైపైన చేయి రాస్తే చిన్నవి తగలవు, చర్మం కింద ఆవగింజలా జారిపోతాయి. గడ్డలు ఎక్కువగా వచ్చేది వెనక రెండు జతల్లో, అంటే తొడల దగ్గర. అక్కడ పాలగ్రంథి కణజాలం ఎక్కువ. స్పిట్జ్ లాంటి బొచ్చు కుక్కల్లో ఆ చోట కంటికి ఏమీ కనబడదు.

పాల వాపుకూ గడ్డకూ తేడా ఇలా తెలుస్తుంది. హీట్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు చూలు లేకపోయినా పాలు వచ్చే కుక్కలుంటాయి. అప్పుడు రెండు వైపులా, నాలుగైదు చన్నులు కలిసి మెత్తగా ఉబ్బుతాయి. రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. గడ్డ అలా కాదు. ఒక చోట గట్టిగా, అంచు తెలిసేలా ఉంటుంది, నెల తర్వాత చూసినా అక్కడే ఉంటుంది. ఎర్రగా, వేడిగా, నొప్పిగా పొట్ట చర్మమంతా అంటుకుపోయినట్టు వాస్తే, దాన్ని పాల ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్‌తో కాలక్షేపం చేయకూడదు. ముసలి కుక్కలో అది చర్మమంతా పాకే చాలా చెడ్డ రకం క్యాన్సర్ కావొచ్చు. దానికి కత్తి పెట్టినా లాభం ఉండదు.

కుక్కల రొమ్ము గడ్డల్లో సుమారు సగం క్యాన్సర్ కావు. మిగతా సగంలో సైజు చాలా చెబుతుంది. 3 సెంటీమీటర్ల లోపు తీసేస్తే చాలావరకు బాగుంటాయి, 5 దాటితే పరిస్థితి వేరు. శనగ్గింజ దశలో వచ్చి ఉంటే చిట్టికి పదిహేను నిమిషాల పని. "కదిలిస్తే పాకుతుంది" అని ఎవరో చెప్పారని రెండు నెలలు ఆగారు. గడ్డ పాకేది కదిలించినందుకు కాదు, దాన్ని వదిలేసినందుకు.

చిట్టికి ఏం చేశామో వరసగా చెబుతాను, ఎందుకంటే ఏ కుక్కకైనా ఈ వరసే ఉండాలి. ముందు పది చన్నులూ తడిమాం. ఎడమవైపు మూడో చన్ను దగ్గర బఠాణీ అంత ఇంకోటి దొరికింది, దాని సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్దది 4 సెంటీమీటర్లు. రక్త పరీక్షలు, మూత్రపిండాల పరీక్ష. తర్వాత ఛాతీ ఎక్స్‌రే, కుడి వైపు, ఎడమ వైపు, వెల్లకిలా, మూడు కోణాల్లో. ఈ క్యాన్సర్ ముందుగా గజ్జల్లోని లింఫ్ గ్రంథులకూ, తర్వాత ఊపిరితిత్తులకూ పోతుంది. ఒక్క కోణంలోనే తీస్తే కింది వైపు ఊపిరితిత్తిలోని మచ్చ కనబడకపోవచ్చు. ఊపిరితిత్తుల్లో ఇప్పటికే ఉంటే రొమ్ము కోసినా ప్రయోజనం లేదు, అందుకే ఈ పరీక్షను ఆపరేషన్ తర్వాత కాదు, ముందు చేయాలి. చిట్టి ఎక్స్‌రేలో ఏమీ లేదు.

ఒకే మత్తులో ముందు గర్భసంచి, అండాశయాలు తీసేశాం, తర్వాత గడ్డల పని. ఈ వరస మారకూడదు, ముందు గడ్డను కోస్తే దాని కణాలు కడుపులోకి వెళ్లే ప్రమాదం ఉంది. కుడివైపు నాలుగు, ఐదు చన్నులను గజ్జలోని లింఫ్ గ్రంథితో సహా తీశాం. బఠాణీ గడ్డను చుట్టూ కొంత మంచి కండతో తీశాం. రెండింటినీ వేర్వేరు సీసాల్లో ఫార్మలిన్‌లో పెట్టి బయాప్సీకి పంపాం. ముక్క ఎంత ఉంటే దానికి పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి, లేకపోతే మధ్యలో కుళ్లి రిపోర్టు పనికిరాదు. పెద్దది క్యాన్సరే అని వచ్చింది, తక్కువ గ్రేడ్, అంచులు శుభ్రం. చిన్నది మామూలు గడ్డ. పదకొండో రోజు కుట్లు తీశాం. గజ్జ దగ్గర నీరు చేరి వాచింది, అది రెండు వారాల్లో తానే తగ్గింది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి ఎక్స్‌రే తీశాం. పద్నాలుగు నెలలైంది, ఇప్పుడు బాగుంది.

గడ్డ వచ్చాక గర్భసంచి తీయడం ఎందుకని టీచరమ్మ అడిగారు. తొమ్మిదేళ్లకు అది రొమ్మును కాపాడదు కదా అని. వచ్చిన గడ్డను మార్చదు, నిజమే. కానీ మామూలు గడ్డలున్న కుక్కల్లో ఆ సమయంలోనే అండాశయాలు తీసేస్తే తర్వాత కొత్త గడ్డలు రావడం తగ్గినట్టు ఒక మంచి అధ్యయనం చూపించింది. పైగా చీము భయం పోతుంది.

మగకుక్క: ఇక్కడ ఆగొచ్చు

ప్రోస్టేట్ అనేది మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని ఉంగరంలా చుట్టుకుని ఉండే గ్రంథి. వృషణాల నుంచి వచ్చే హార్మోన్‌తో అది ఏటా కొంచెం కొంచెం పెరుగుతుంది. ఐదేళ్లు దాటిన, విత్తులు తీయని మగకుక్కల్లో చాలావాటికి ఈ వాపు మొదలై ఉంటుంది, తొమ్మిదేళ్లకు దాదాపు అన్నింటికీ ఉంటుంది. కానీ ఎక్కువ వాటికి బయటికి ఏమీ తెలియదు. ఇబ్బంది పెట్టినప్పుడు దాని లక్షణం మనుషుల్లో లాగా ఉండదు. మనుషుల్లో గ్రంథి లోపలికి పెరిగి మూత్రాన్ని ఆపుతుంది. కుక్కలో బయటికి పెరిగి వెనకాల ఉన్న పేగును నొక్కుతుంది. అందుకే కుక్క మూత్రం కన్నా ముందు మలానికి కష్టపడుతుంది.

చంద్రగిరి దగ్గర నుంచి ఒక రైతన్న తన ఎనిమిదేళ్ల కుక్క రాజాను ఆటోలో తీసుకొచ్చాడు. "వారం నుంచి దొడ్డికి ముక్కుతా ఉండాది మేడమ్, అరటిపండు పెట్టినా, ఆముదం తాపినా లాభం లే" అన్నాడు. మలం ఎలా వస్తోందని అడిగితే, రిబ్బన్‌లా చదునుగా అన్నాడు. మూత్రం పోయకుండానే, పడుకున్న చోట నేల మీద రెండు మూడు రక్తపు చుక్కలు కనిపిస్తున్నాయనీ చెప్పాడు. ఈ రెండూ కలిస్తే నేను గ్లవ్ వేసుకుని వేలితో ప్రోస్టేట్‌ను తాకి చూస్తాను. రెండు వైపులా సమానంగా పెరిగి, నొక్కితే నొప్పి లేకుండా ఉంది. స్కాన్‌లోనూ మామూలు వాపే. వృషణాలు తీసేశాం. మూడు వారాలకు గ్రంథి సగానికి తగ్గింది, ముక్కడం పోయింది. రక్తం అంతకు ముందే ఆగింది.

ఇదే నేను చెప్పదలచుకున్న తేడా. ఎనిమిదేళ్లకు వచ్చిన రాజా, ఏడో నెలలో ఆపరేషన్ అయిన కుక్క కన్నా పెద్దగా ఏమీ పోగొట్టుకోలేదు. తొమ్మిదేళ్లకు వచ్చిన చిట్టి చాలా పోగొట్టుకుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఆపరేషన్ ప్రోస్టేట్ వాపును ఆపుతుంది, ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఆపదు. ఆ క్యాన్సర్ కుక్కల్లో చాలా అరుదు, కానీ విత్తులు తీసిన కుక్కల్లోనే కొంచెం ఎక్కువగా కనబడుతోంది. కాబట్టి "క్యాన్సర్ రాకుండా చేయిద్దాం" అని మగపిల్లకు చేయిస్తే ఆ కారణం సరైనది కాదు. దీన్నుంచి ఒక పనికొచ్చే గుర్తు కూడా దొరుకుతుంది. చిన్నప్పుడే ఆపరేషన్ అయిన మగకుక్కకు ముసలితనంలో ప్రోస్టేట్ పెరిగితే, అది మామూలు వాపు కాదు. అక్కడ క్యాన్సర్‌ను ముందు వెతకాలి.

రక్తపు చుక్కలన్నీ ప్రోస్టేట్‌వీ కావు. వీధుల్లో తిరిగే మగకుక్కలకు కలయిక వల్ల అంటుకునే గడ్డ ఒకటి ఉంది. లింగం మీది చర్మాన్ని వెనక్కి తీసి చూస్తే కాలీఫ్లవర్ ముక్కలా ఎర్రగా, ముట్టుకుంటే రక్తం కారేలా ఉంటుంది. దానికి వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్, నాలుగు నుంచి ఆరు వారాలు, చాలావాటికి పూర్తిగా నయమవుతుంది. జ్వరం, నడుము నొప్పి, తిండి మానేయడం ఉంటే ప్రోస్టేట్‌కు ఇన్‌ఫెక్షన్ లేదా చీము. అప్పుడు ముందు నాలుగు నుంచి ఆరు వారాలు యాంటీబయాటిక్, జ్వరం తగ్గి కుదుటపడ్డాక ఆపరేషన్. వాపు ఉన్న గ్రంథికే ఈ ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా పడుతుంది.

జాతి కుక్కతో ఇంకా పిల్లలు పుట్టించాలనుకునే యజమానికి ఆపరేషన్ బదులు ఫినాస్టెరైడ్ మాత్రలున్నాయి. గ్రంథి తగ్గుతుంది, కానీ మాత్రలు ఆపితే మళ్లీ పెరుగుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ మాత్రను ఆమె విరవకూడదు, పొడి చేయకూడదు.

కాబట్టి మగకుక్కకు నా సలహా ఇది. పెద్ద జాతి అయితే ఏడాదిన్నర, రెండేళ్లు ఆగండి. ఊరి కుక్క, గేటు దాటి ఆడకుక్కల వెంట పోయేది అయితే ముందే చేయించండి, ప్రోస్టేట్ కోసం కాదు, బండ్ల కింద పడకుండా, కొట్లాటలు లేకుండా. ఇంట్లోనే ఉండే నెమ్మదైన కుక్క అయితే అసలు చేయించకపోయినా పరవాలేదు, కానీ ఐదేళ్ల నుంచి ఏటా ఒకసారి టీకా వేయించే రోజే డాక్టర్‌తో ప్రోస్టేట్ చూపించండి. ఒక్క మినహాయింపు ఉంది. ఒక వృషణం సంచిలోకి దిగకుండా కడుపులోనే ఉండిపోతే, దానికి క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా రెట్లు ఎక్కువ. ఆ కుక్కకు తప్పకుండా తీయించాలి.

ఆపరేషన్‌కు ముందు మన దగ్గర మరచిపోకూడనిది

ఈ ప్రాంతంలో పిడుదులు ఏడాదంతా ఉంటాయి. అవి అంటించే జ్వరంలో కుక్క పైకి మామూలుగానే ఉండి, రక్తంలో ప్లేట్‌లెట్లు మాత్రం పడిపోయి ఉండొచ్చు. అలాంటి కుక్కకు కడుపు తెరిస్తే రక్తం ఆగదు. అందుకే ఆరు నెలల పిల్ల అయినా సరే, ప్లేట్‌లెట్ల లెక్క చూడకుండా నేను కత్తి పట్టను. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రి ఉంది, బయట ల్యాబ్‌లూ ఉన్నాయి. ఈ పరీక్ష చేయించడం కష్టం కాదు. ఎండాకాలంలో తేదీ పడితే ఉదయాన్నే చేయించుకోండి. ఆపరేషన్ అయ్యాక తిండిని పావు వంతు తగ్గించండి, లేకపోతే ఆరు నెలల్లో లావెక్కుతుంది.

మొన్న చిత్తూరు నుంచి భార్యాభర్తలు తమ ల్యాబ్రడార్ ఆడకుక్కను తెచ్చారు. 14 నెలలు, మొదటి హీట్ అయి మూడు నెలలు దాటింది, అంతా నేను కోరుకున్న సమయానికే ఉంది. రక్తం తీస్తే ప్లేట్‌లెట్లు 60 వేలు, ఉండాల్సింది కనీసం లక్షన్నర పైన. "ఇంకో నెల ఆలస్యమైతే రెండో హీట్ వచ్చేస్తుందేమో మేడమ్" అని ఆయన టెన్షన్ పడ్డారు. రెండో హీట్‌కు ఇంకా మూడు నాలుగు నెలలు టైం ఉందని క్యాలెండర్ మీద లెక్కపెట్టి చూపించాను. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు, ఇంట్లోనూ కుక్క మీదా పిడుదుల మందు. నాలుగు వారాల తర్వాత మళ్లీ చూస్తే రెండు లక్షల పది వేలు. ఆ మర్నాడు ఉదయం ఏడింటికి ఆపరేషన్ చేశాం. సాయంత్రానికి లేచి నీళ్లు తాగింది, పదో రోజుకు కుట్లు తీయించుకుని చిత్తూరు వెళ్లిపోయింది.